ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో జబ్బు పేరెందుకు?

అనారోగ్యంతో సెలవు పెట్టి తిరిగొచ్చిన ఉద్యోగిని గేటు దగ్గర ఆపి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడగడంపై వస్తున్న కథనాలు, టీవీ చర్చలు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి. యాజమాన్యం అడగొచ్చా, అడగకూడదా? ఒకరు ఇది వేధింపు అంటారు, ఇంకొకరు దొంగ సెలవుల లెక్క చెబుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఏనాడో తేలిపోయింది. అడగొచ్చు. ఇంకా తేలనిది ఆ కాగితంలో ఏముండాలి, దాన్ని ఎవరు చూడాలి అన్నది. ఉద్యోగాలు పోతున్నదీ పరువు పోతున్నదీ అక్కడే. దాని జోలికి మాత్రం ఎవరూ వెళ్లడం లేదు.

నిబంధన దగ్గర మొదలుపెడదాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే ఫండమెంటల్ రూల్స్‌లో 71వ నిబంధన ఉంది. మెడికల్ సర్టిఫికెట్ మీద సెలవు తీసుకున్నవారు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వకుండా విధుల్లో చేరకూడదు. కేంద్ర ఉద్యోగులకు ఇదే మాటను 1972 సీసీఎస్ సెలవు నిబంధనల్లోని 24వ నిబంధన చెబుతుంది, సర్టిఫికెట్ ఫారం 5లో ఉండాలంటుంది. ఈ షరతు వైద్య కారణంతో సెలవు పెట్టినవారికే.

ఆ ఫారం 5ను ఒకసారి చదివితే సగం వివాదం తీరిపోతుంది. అందులో డాక్టరు చెప్పేవి రెండే. ఈ ఉద్యోగిని జాగ్రత్తగా పరీక్షించాను, జబ్బు నుంచి కోలుకున్నారు, విధుల్లో చేరడానికి తగిన స్థితిలో ఉన్నారు అన్నది మొదటిది. సెలవు మంజూరుకు ఆధారమైన అసలు సర్టిఫికెట్లను చూసే ఈ నిర్ణయానికి వచ్చాను అన్నది రెండోది. ఏ జబ్బు నుంచి కోలుకున్నారో రాయడానికి అందులో ఖాళీ లేదు. జబ్బు వివరం డాక్టరు చూస్తారు, ఆఫీసుకు డాక్టరు తేల్చిన మాట మాత్రం వెళ్తుంది. ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం పెట్టుకున్న ఏర్పాటే ఇది. సెలవు అడిగేటప్పుడు ఇచ్చే ఫారం 4 సంగతి వేరు. ఫలానా జబ్బుతో బాధపడుతున్నారని అందులో రాయాలి. ఎందుకు రాలేదు అన్నదానికి ఒక కాగితం, ఇప్పుడు పని చేయగలరా అన్నదానికి ఇంకొకటి. ఈ రెంటినీ కలిపేయడం వల్లే గొడవంతా.

కలిపేసిన పాపంలో వైద్య మండలికీ వాటా ఉంది. 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి అనుబంధంలో సెలవుకూ ఫిట్‌నెస్‌కూ కలిపి ఒకే నమూనా ఇచ్చారు. జబ్బు స్వభావం, లక్షణాలు, కారణాలు, ఎంతకాలం ఉంటుందన్న వివరాలతో క్లుప్త నివేదిక జతచేయాలని దాని కింద ఒక గమనిక కూడా పెట్టారు. హెచ్‌ఆర్ విభాగాలు చూపించేది దీన్నే. కానీ అదే నియమావళిలో 7.14 నిబంధన ఉంది. వృత్తిరీత్యా తెలిసిన రోగి రహస్యాన్ని డాక్టరు బయటపెట్టకూడదు. మినహాయింపులు మూడే: కోర్టు ఆదేశం, నిర్దిష్ట వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ముప్పు, ప్రభుత్వానికి తెలపాల్సిన వ్యాధులు. యజమాని అడిగారన్నది ఆ జాబితాలో లేదు. కాబట్టి నమూనా కింది గమనికను 7.14కు లోబడే చదువుకోవాలి. క్లుప్త నివేదిక రోగి చేతికి ఇవ్వొచ్చు, మరో డాక్టరుకు పంపొచ్చు. రోగి ఒప్పుకోకుండా ఆఫీసు ఫైలుకు పంపే అధికారం ఆ గమనిక వల్ల రాదు.

ఒకసారి ఫైలుకెక్కిన వివరం ఏం చేస్తుందో తెలియాలంటే 1991 అక్టోబరు 31న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఎల్‌ఐసీ కేసు చదవాలి. అసిస్టెంట్ ఉద్యోగానికి ఎంపికైన ఒక మహిళ 1989 మేలో సంస్థ ఇచ్చిన డిక్లరేషన్ నింపారు. సంస్థ ప్యానెల్‌లోని డాక్టరే పరీక్షించి ఫిట్ అన్నారు. సెప్టెంబరులో ఆరు నెలల ప్రొబేషన్‌తో ఉద్యోగం వచ్చింది. డిసెంబరులో ప్రసూతి సెలవు పెట్టారు, జనవరి 11న నర్సింగ్ హోంలో ప్రసవమైంది. ఫిబ్రవరి 13న ఉద్యోగం తీసేశారు.

తొలగింపు ఉత్తర్వులో కారణం లేదు. కోర్టులో మాత్రం సంస్థ అసలు వాదన బయటపెట్టింది. చివరిసారి నెలసరి వచ్చిన తేదీ ఏప్రిల్ 29 అని ఆమె డిక్లరేషన్‌లో రాశారు, నర్సింగ్ హోం కాగితంలో ఏప్రిల్ 3 అని ఉంది, కాబట్టి తప్పుడు సమాచారం ఇచ్చారని. వైద్యం కోసం డాక్టరుకు చెప్పుకున్న తేదీని యజమాని ఉద్యోగం ఊడగొట్టే సాక్ష్యంగా వాడుకున్నారు. కోర్టు తొలగింపును రద్దు చేసింది. నెలసరి సక్రమంగా వస్తుందా, ఎన్నిసార్లు గర్భం దాల్చారు వంటి ప్రశ్నలు ఇబ్బందికరమైనవి, అవమానకరమైనవి కూడా కావొచ్చని, వాటిని ఫారం నుంచి తీసేయడం మంచిదని చెప్పింది. ఈ తీర్పును మహిళల గౌరవానికి సంబంధించినదిగానే గుర్తుంచుకున్నాం. నా దృష్టిలో దాని పరిధి అంతకంటే పెద్దది. ఉద్యోగం చేయగల శక్తి ఉందో లేదో డాక్టరు తేల్చాక, యజమాని చేతిలోని మిగతా వైద్య వివరమంతా ఉద్యోగి మీద వాడే ఆయుధంగా మారుతుందని ఆ కేసు చూపించింది.

జబ్బు పేరు తెలియకుండా పని ఎలా అప్పగిస్తాం అనేవారు ఒక ఉదాహరణ చూడాలి. గోదాములో పనిచేసే ముగ్గురు ఆపరేషన్ చేయించుకుని వచ్చారనుకుందాం. ఒకరిది హెర్నియా, ఒకరిది వెన్నుపూస, మరొకరిది గర్భసంచి తొలగింపు. ముగ్గురికీ డాక్టరు చెప్పేది దాదాపు ఒకటే: కొన్ని వారాలపాటు బరువులు ఎత్తకండి, మాటిమాటికీ వంగకండి. సూపర్‌వైజరుకు కావాల్సిన సమాచారం అదే. ఎన్ని కిలోలు దాటకూడదు, ఏ తేదీ వరకు, మళ్లీ చూపించుకోవాల్సింది ఎప్పుడు. ఆ మూడూ రాసిస్తే డ్యూటీ వేయొచ్చు. గర్భసంచి అన్న మాట తెలిస్తే డ్యూటీ చార్టులో ఒక్క గడి మారదు, వెనక మాటలు మాత్రం మొదలవుతాయి. అలాగే షుగరు అన్న పేరు ఒకటే అయినా, మాత్రలతో అదుపులో ఉన్న గుమస్తా వేరు, ఇన్సులిన్ వేసుకుని అప్పుడప్పుడు కళ్లు తిరిగే క్రేన్ ఆపరేటరు వేరు. పేరును బట్టి పని సామర్థ్యం తెలియదు.

పేరు చూసి ఆగిపోయినప్పుడు ఏమవుతుందో తెలంగాణ ఆర్టీసీ కేసులో చూశాం. వర్ణాంధత్వం ఉందని తేలిన డ్రైవరును అన్‌ఫిట్ పేరుతో ఇంటికి పంపారు. స్టీరింగు పట్టలేని మనిషి డిపోలో ఇంకే పని చేయగలరన్నది సరిగా చూడలేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని తప్పుపట్టి, తగిన పోస్టు ఇవ్వాలని ఆదేశించింది.

సరైన పద్ధతి ఎలా ఉండాలో మన చట్టాల్లోనే ఒకచోట రాసిపెట్టారు. పోలీసు నియామకాల్లో హెచ్‌ఐవీ ఉన్నవారిని పక్కన పెట్టే నిబంధనను 2006లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. ఇలాంటి తీర్పుల దారిలోనే 2017లో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలవుతోంది. ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదని అది చెబుతుంది. ఆ కారణంగా ఎవరినైనా తీసేయాలంటే, ఇతరులకు సోకే గణనీయమైన ముప్పు ఉందనో, ఆ పని చేయలేరనో స్వతంత్ర వైద్య నిపుణుడు రాతపూర్వకంగా తేల్చాలి, ఆ ప్రతిని ఉద్యోగికి ఇవ్వాలి. సర్దుబాటు చేయలేకపోవడానికి తనకున్న ఇబ్బందేమిటో యజమాని కూడా రాసివ్వాలి. ప్రశ్న పని గురించి ఉండాలి, జవాబు స్వతంత్ర డాక్టరు చెప్పాలి, కాగితం ఉద్యోగి చేతికి అందాలి. ఈ మూడు మెట్లు హెచ్‌ఐవీకి ఉండి క్యాన్సరుకు, మూర్ఛకు, డిప్రెషన్‌కు ఎందుకు లేవో ఎవరూ చెప్పలేరు.

ప్రైవేటు ఉద్యోగులకు ఫారం 5 వంటి రక్షణ లేదు, కంపెనీ పాలసీయే దిక్కు. సమాచార సాంకేతిక చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు మాత్రం శారీరక, మానసిక ఆరోగ్య స్థితిని, వైద్య రికార్డులను సున్నితమైన సమాచారంగా గుర్తించాయి. కంపెనీ వాటిని సేకరించాలంటే రాతపూర్వక సమ్మతి ఉండాలి, ఆ వివరం నిజంగా అవసరమై ఉండాలి. వాటి స్థానంలోకి వస్తున్న 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో సున్నితమైన సమాచారం అన్న ప్రత్యేక తరగతే లేదు. పైగా ఉద్యోగ అవసరాల కోసం, యజమానిని నష్టం నుంచి కాపాడటం కోసం సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వెసులుబాటును 7వ సెక్షన్ ఇచ్చింది. డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ రిపోర్టులు, మందుల చీటీలు పోర్టల్‌లో అప్‌లోడ్ చేస్తేనే లాగిన్ ఇస్తామనే హెచ్‌ఆర్‌కు రేపు ఇదే సెక్షన్ ఆసరా అవుతుంది. గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన 2017 పుట్టస్వామి తీర్పు తర్వాత వచ్చిన చట్టం 2011 నిబంధనల కంటే వెనక్కి నడవడం విచారకరం.

యాజమాన్యాల వాదనలో బలమున్న మాట ఒకటుంది, అది దొంగ సర్టిఫికెట్ల గురించి. అవి ఉన్నాయి. దానికీ మందు నిబంధనల్లోనే ఉంది. అనుమానం వస్తే ప్రభుత్వ వైద్యాధికారితో రెండో అభిప్రాయం తీసుకోవచ్చని 1972 నిబంధనల్లోని 19వ నిబంధన చెబుతుంది. అంటే డాక్టరు మాటను ఇంకో డాక్టరుతో సరిచూసుకోవాలి. ఎమ్మారై చదవడం రాని హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్ ఆ ఫిల్ము అడిగి ఫైల్లో పెట్టుకుంటే దొంగ ఎలా దొరుకుతాడు? బస్సు డ్రైవర్లు, హోటల్ వంటవాళ్ల వంటి వారికి ఎక్కువ పరీక్షలు అవసరమే. అక్కడ కూడా పరీక్ష ఫలితం డాక్టరు దగ్గరే ఉండాలి, యజమానికి వెళ్లాల్సింది ఫిట్, అన్‌ఫిట్, లేదా ఫలానా పరిమితులతో ఫిట్ అన్న మాటే.

కార్మిక శాఖలు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఫారం 5 నమూనాలో పని పరిమితులకు రెండు గీతలు చేర్చి ప్రైవేటు సంస్థలన్నిటికీ తప్పనిసరి చేయాలి. అనుమానమున్న యజమాని తన ఖర్చుతో రెండో డాక్టరుకు చూపించాలి. ఫిట్ అని కాగితం తెచ్చాక గేటు బయట నిలబెట్టిన ప్రతి రోజుకూ జీతం ఇవ్వాలి. బీమా క్లెయిము కోసం ఇచ్చిన ఆస్పత్రి కాగితాలు హాజరు ఫైల్లోకి రాకూడదు. ఇవి రాతలో వచ్చేదాకా ఉద్యోగి చెప్పాల్సిన జవాబు ఒకటే: నేను పని చేయగలనో లేదో మా డాక్టరు రాసిచ్చారు, అంతకుమించి తెలుసుకునే హక్కు ఏ నిబంధన ఇచ్చిందో మీరు రాసివ్వండి. అలా రాసివ్వగల నిబంధన చాలా యాజమాన్యాల దగ్గర లేదు.