ఆకాశరామన్న ఉత్తరం బోర్డు గదికి చేరితే...

2008 డిసెంబరు 18. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ స్వతంత్ర డైరెక్టర్లలో ఒకరైన కృష్ణ పాలెపుకి ఒక ఈమెయిల్ వచ్చింది. పంపినవారి పేరు జోసెఫ్ అబ్రహాం. అది అసలు పేరు కాదు. తెలుగునాట చెప్పుకొనేట్టు, ఆకాశరామన్న ఉత్తరం. కంపెనీ లెక్కల్లో చూపిస్తున్న నగదు నిజానికి లేదన్నది దాని సారాంశం. అంతటితో ఆగి ఉంటే ఎవరో గిట్టనివాళ్లు రాశారని తీసిపారేయవచ్చు. కానీ అందులో ఇంకో మాట కూడా ఉంది... కావాలంటే బ్యాంకుల్ని అడిగి తెలుసుకోవచ్చని!

అప్పటికి రెండు రోజుల ముందే సత్యం పేరు రచ్చకెక్కింది. చైర్మన్ రామలింగరాజు కుటుంబానికి సంబంధమున్న మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించి, వాటాదారులు మండిపడటంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. అలాంటి వేళ వచ్చిన ఉత్తరం ఎవరి దృష్టినీ తప్పించుకోలేదు. పాలెపు దాన్ని పక్కన పడేయలేదు. ఆడిట్ కమిటీ అధ్యక్షుడు రామ్మోహనరావుకి పంపారు. ఆయన కంపెనీ లెక్కలు చూసే ఆడిట్ సంస్థ భాగస్వామికి పంపారు. ఆరోపణల్లో నిజం లేదని అటు నుంచి భరోసా వచ్చింది. డిసెంబరు 29న కమిటీ ముందు వివరంగా మాట్లాడుకోవచ్చనుకున్నారు. ఆ తేదీ వచ్చేసరికి మాట్లాడుకోవడం మాట అటుంచి, డైరెక్టర్లు ఒకరి తర్వాత ఒకరు రాజీనామా చేశారు. పాలెపు, రామ్మోహనరావు కూడా ఆ రోజే తప్పుకున్నారు.

2009 జనవరి 7న రాజు తానే ఉత్తరం రాసి గుట్టు విప్పారు. 2008 సెప్టెంబరు చివరికి పుస్తకాల్లో ఉన్న నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనేలేవు! ఆ మూడు నెలల ఆదాయం 2,700 కోట్లని చూపించారు, అసలు వచ్చింది 2,112 కోట్లు. నూటికి 24 రూపాయల లాభమని చెప్పినచోట వచ్చింది మూడు రూపాయలు. (అదే కంపెనీకి 2008 సెప్టెంబరులో ఉత్తమ కార్పొరేట్ పాలనకుగాను గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి!)

ఆకాశరామన్న రాసిన రోజుకీ రాజు ఒప్పుకున్న రోజుకీ మధ్య సరిగ్గా ఇరవై రోజులు. ఆ ఇరవై రోజుల్లో చేయాల్సిన పని పెద్దదేం కాదు. కంపెనీ ఇచ్చిన కాగితాలు పక్కన పెట్టి, డిపాజిట్లు ఉన్నాయంటున్న బ్యాంకులకు ఆడిట్ కమిటీయే నేరుగా ఉత్తరాలు రాయాలి. జవాబు కంపెనీ ఆఫీసుకి కాకుండా కమిటీకే రావాలని కోరాలి. ఉన్నవి అయిదు వేల కోట్లా, మూడు వందల కోట్లా అన్నది పెద్ద పరిశోధన అక్కర్లేకుండానే తేలిపోయేది.

మరి తప్పు ఎక్కడ జరిగింది? ఫిర్యాదును దాచడంలో కాదు, పంపిన చిరునామాలో. లెక్కలు తప్పని ఒకరు చెబితే, ఆ లెక్కలు ఒప్పని ఏటా సంతకం చేస్తున్నవారినే నిజమా అని అడిగారు. అవునంటే తమ సంతకమే తప్పని ఒప్పుకున్నట్టు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఈ కేసులో దోషులుగా తేల్చిన పదిమందిలో ఇద్దరు ఆ ఆడిట్ సంస్థ భాగస్వాములే. దోషులు ఆ తీర్పు మీద అప్పీలుకి వెళ్లారు.

ఇది తెలుగువాళ్ల ఒక్కరి పొరపాటూ కాదు. అమెరికాలో ఎన్రాన్ కంపెనీ ఉద్యోగిని షెరాన్ వాట్కిన్స్ 2001 ఆగస్టులో లెక్కల్లో మోసముందని చైర్మన్ కెన్నెత్ లేకి రాశారు. కంపెనీకి ఎప్పుడూ సలహాలిచ్చే న్యాయవాద సంస్థకు మాత్రం విచారణ ఇవ్వవద్దని, ఆ లావాదేవీల్లో వాళ్ల చెయ్యి కూడా ఉందని అందులోనే హెచ్చరించారు. లే సరిగ్గా ఆ సంస్థకే అప్పగించారు. పెద్ద తప్పేమీ లేదని నివేదిక వచ్చింది. డిసెంబరులో ఎన్రాన్ దివాలా తీసింది.

ఈ చిన్న సూత్రం అనంతపురం పల్లెలకు బాగా తెలిసినదే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. ఆ తర్వాత జిల్లాలో సామాజిక తనిఖీలు జరిగాయి. తనిఖీ చేసేవాళ్లు మస్టరు రోలు పట్టుకుని ఆఫీసులో కూర్చోలేదు. ఇంటింటికీ వెళ్లి ‘నువ్వు ఎన్ని రోజులు పనికి పోయావు, ఎంత ముట్టింది’ అని కూలీనే అడిగారు. పాసుపుస్తకం తెరిచి చూశారు. మస్టరు రాసినవాణ్ని మస్టరు నిజమేనా అని అడిగితే ఏమంటాడో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సత్యం ఉదంతం జరిగేనాటికి ఇలాంటి ఫిర్యాదుల ఏర్పాటు కంపెనీల ఇష్టానికే వదిలేసిన విషయం. 2013 కంపెనీల చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలకే కాదు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకున్నవాటికీ, బ్యాంకుల నుంచి 50 కోట్లకు మించి అప్పు తెచ్చినవాటికీ ఇది వర్తిస్తుంది. ఉద్యోగి తన పైఅధికారిని దాటి ఫిర్యాదు చేసే దారి ఉండాలి. అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ అధ్యక్షుడికే చెప్పుకోగలగాలి. ఆడిట్ కమిటీ లేనిచోట బోర్డు ఒక డైరెక్టరును అందుకోసం నియమించాలి.

అయితే దారి ఉండటం వేరు, ఆ దారిన వచ్చినదాన్ని ఏం చేయాలో తెలియడం వేరు. ఉదాహరణకు అనంతపురంలో ఒక వేరుశనగ నూనె మిల్లు ఉందనుకుందాం. బ్యాంకు అప్పు 60 కోట్లు, తాకట్టు గోడౌన్లలోని సరుకు. వానలు మొహం చాటేసిన ఏడాది, ఊళ్లలో కాయ దొరకని కాలం. ఆ డైరెక్టరుకి పేరు లేని మెయిల్ వచ్చింది... ‘పుస్తకాల్లో నాలుగు వేల టన్నుల కాయ ఉంది. గోడౌన్లో సగం కూడా లేదు. ఎండీకీ ఫైనాన్స్ పెద్దకీ తెలుసు’.

ఆయన మొదట చేయకూడని పని, ఎండీకి ఫోను కొట్టి ‘ఏమండీ, ఇలా రాశారేమిటి’ అని అడగడం. ఎంత స్నేహమున్నా సరే! ఆ ఒక్క ఫోనుతో రాత్రికి రాత్రే రిజిస్టర్లు మారతాయి. మెయిల్ వచ్చిన తేదీ రాసిపెట్టి, ఒకటి రెండు రోజుల్లో మిగతా డైరెక్టర్లను పిలవాలి. ఎండీ, ఫైనాన్స్ పెద్ద ఆ సమావేశంలో ఉండకూడదు. విచారణ ముగిసేదాకా వాళ్లు ఈ విషయంలో దేనిమీదా సంతకం చేయకూడదు. అది శిక్ష కాదు, నిర్దోషులైతే వాళ్లకే మేలు.

తర్వాతి పని కాగితాలను కాపాడటం. లెక్కల కంప్యూటర్లకు నకలు తీయాలి. గేటు రిజిస్టరు, కాటా చీటీలు, కరెంటు బిల్లులు స్వాధీనంలోకి తీసుకోవాలి. విషయం బయటికి పొక్కకముందే ఇది జరిగిపోవాలి.

ఇక లెక్కింపు. నాలుగు వేల టన్నులంటే బస్తాకి 40 కిలోల చొప్పున లక్ష బస్తాలు. గోడౌన్లు అనంతపురంలో రెండు, గుంతకల్లులో ఒకటి ఉంటే మూడింటినీ ఒకే ఉదయం లెక్కించాలి. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ అంటే అవే బస్తాలు లారీ ఎక్కి వెళ్లి రెండోసారి లెక్కకొస్తాయి. ముందు వరసలు చూసి వచ్చేయకూడదు. వెనక వరసల్లో కాయకు బదులు పొట్టు బస్తాలు పేర్చవచ్చు. మధ్యలోని బస్తాలు దింపించి, కోసి, తూకం వేయించాలి.

పుస్తకాలు అబద్ధమాడినా సరుకు ఆడదు. నూరు కిలోల కాయ కొడితే సుమారు డెబ్బై కిలోల పప్పు, ఆ పప్పు ఆడితే ముప్ఫై కిలోలకు కాస్త అటూ ఇటూగా నూనె, మిగతాది చెక్క. అమ్మిన నూనె, అమ్మిన చెక్క, కాలిన కరెంటు చూసి ఎంత కాయ ఆడారో వెనక్కి లెక్క కట్టవచ్చు. కొన్నామంటున్న దాంట్లోంచి అది తీసేస్తే గోడౌన్లో ఉండాల్సింది తేలుతుంది. కాటా చీటీ లేకుండా పుస్తకంలోకి ఎక్కిన లోడు ఉందంటే అక్కడే ఆగాలి. కొనుగోలు డబ్బు ఎవరి ఖాతాకి వెళ్లిందో బ్యాంకునే అడగాలి.

ఇదంతా చేసేవారు బయటివారై ఉండాలి. ప్రస్తుత ఆడిటరూ కాదు, కంపెనీ వకీలూ కాదు. వాళ్ల ఫీజు ఒప్పుకునేదీ, నివేదిక అందుకునేదీ ఆ డైరెక్టర్ల కమిటీయే. ఆరా తీయాల్సింది సరుకు గురించి, రాసిందెవరని కాదు. అదే మెయిల్‌కి జవాబిచ్చి ‘ఏ గోడౌను, ఏ వరస, ఏ నెల’ అని అడిగితే చాలాసార్లు జవాబు వస్తుంది. మోసం కోటి రూపాయలకు తగ్గకుండా ఉందని నమ్మే కారణం కనబడితే కంపెనీ ఆడిటరు రెండు రోజుల్లో బోర్డుకి రాయాలి. 45 రోజుల్లోగా జవాబు తీసుకుని, ఆపైన 15 రోజుల్లో కేంద్ర ప్రభుత్వానికి పంపాలి. ఊరుకుంటే అతనికే జరిమానా.

అన్ని ఉత్తరాలూ నిజమే చెబుతాయని కాదు. 2019లో ఇన్ఫోసిస్ సీఈఓ సలీల్ పరేఖ్, సీఎఫ్ఓ నీలాంజన్ రాయ్ మీద ‘నైతిక ఉద్యోగులు’ పేరిట ఫిర్యాదు వచ్చింది. సెప్టెంబరు 30న ఒక బోర్డు సభ్యుడికి అందింది. అక్టోబరు 10న ఆడిట్ కమిటీ ముందుకు వెళ్లింది. సంగతి బయటపడ్డాక ఒక్కరోజే షేరు నూటికి పదహారు వంతులు పడిపోయింది. అయినా వాళ్లిద్దరినీ విచారణకు దూరంగా ఉంచి, బయటి సంస్థలకు పని అప్పగించారు. రెండు లక్షలకు పైగా పత్రాలు తిరగేసి, పదుల మందిని ప్రశ్నించి, 2020 జనవరి 10న ఆధారాలేవీ దొరకలేదని కమిటీ ప్రకటించింది. ఆ మాట సీఈఓ తనే చెప్పుకొని ఉంటే ఎవరు నమ్మేవారు?

ఈ చట్టపు గొడుగు కింద చోటు దొరకనివారూ ఉన్నారు. ఆ మిల్లు అప్పు 60 కోట్లు కాక 30 కోట్లే అయి, డిపాజిట్లు కూడా లేకపోతే ఫిర్యాదుల ఏర్పాటు ఉండాలనే నిబంధన దానికి వర్తించదు. ఉన్న డైరెక్టర్లు ఎండీ భార్యా, బావమరిదీ అయితే వాళ్లకు రాసి లాభమూ లేదు. అలాంటిచోట కాటా దగ్గర కూర్చునే గుమస్తాకి మిగిలే చిరునామా అప్పిచ్చిన బ్యాంకే. తాకట్టు సరుకును ఎప్పుడైనా వచ్చి చూసుకునే హక్కు అప్పు ఒప్పందం బ్యాంకుకి ఇస్తుంది. అతను రాయాల్సింది బ్రాంచి మేనేజరుకి కాదు, ఆ అప్పు మంజూరులో ఆయన సంతకం ఉండి ఉండొచ్చు. పైఆఫీసులోని విజిలెన్స్ విభాగానికి. ఉత్తరంలో తిట్లు అక్కర్లేదు. గోడౌను పేరు, వరస నంబరు, కాటా చీటీ లేని లోళ్ల తేదీలు ఉంటే చాలు.