కలిస్తే వచ్చే లాభానికి ముందే ధర కడితే...

పాల వ్యాపారంలో పెద్ద కంపెనీ చిన్న కంపెనీని కొనడం మనకు కొత్త కాదు. ఫ్రాన్స్‌కు చెందిన లాక్టాలిస్ 2014లో తిరుమల డెయిరీని కొన్నది. దొడ్ల డెయిరీ 2022లో కర్ణాటకకు చెందిన శ్రీకృష్ణ మిల్క్స్‌ను 50 కోట్ల రూపాయలకు తీసుకుంది. అంతటి కంపెనీలకు లెక్కలు చూసే జట్లు, న్యాయవాదులు, బ్యాంకర్లు ఉంటారు. రోజుకు పది పదిహేను వేల లీటర్లు అమ్మే చిన్న డెయిరీ చేతులు మారేటప్పుడు ఆ దన్ను ఉండదు. కొనేవాళ్లు ఒక ఆడిటర్‌నీ, తెలిసిన ఒక పెద్దమనిషినీ వెంటబెట్టుకుని వెళ్తారు. ఎక్కువ డబ్బు పోయేది ఇలాంటి బేరాల్లోనే. పోయే దారులు రెండు. ఒకటి, రెండు వ్యాపారాలు కలిస్తే వస్తుందనుకున్న లాభానికి, అంటే సినర్జీకి, ముందే ధర కట్టడం. రెండోది, అమ్మేవాడి పుస్తకాలను పాలతో సరిపోల్చకుండా కాగితాలతోనే సరిపోల్చుకోవడం.

గన్నవరం దగ్గర ఒక చిన్న డెయిరీ అమ్మకానికి ఉందనుకుందాం. ఇది ఏ డెయిరీ కథా కాదు, లెక్క కోసం వేసుకున్న ఉదాహరణ. రోజుకు 12,000 లీటర్ల పాలు సేకరిస్తుంది, 15,000 లీటర్లు ప్యాకెట్లలో అమ్ముతుంది. కొంచెం నెయ్యి కూడా తీస్తుంది. వడ్డీ, తరుగుదల, పన్ను తీయకముందు ఏడాదికి కోటీ 30 లక్షల లాభం అని పుస్తకం చెబుతుంది. యజమానీ ఆయన కొడుకూ తెల్లవారుజాము నుంచి ప్లాంటులోనే ఉంటారు కానీ జీతం తీసుకోరు. ప్లాంటు ఉన్న స్థలం తండ్రి పేరున ఉంది, దానికి అద్దె లేదు. కొన్నవాడు ఇద్దరు మేనేజర్లను పెట్టుకోవాలి, స్థలానికి అద్దె కట్టాలి. జీతాలకు 18 లక్షలు, అద్దెకు 12 లక్షలు తీసేస్తే అసలు లాభం కోటి. దానికి ఆరు రెట్లు వేస్తే వ్యాపారం విలువ 6 కోట్లు. అందులోంచి బ్యాంకు అప్పు కోటిన్నర, ఏజెంట్ల డిపాజిట్లు 40 లక్షలు పోతే చేతికివ్వాల్సింది 4 కోట్ల 10 లక్షలు.

యజమాని మాత్రం 9 కోట్లు అడుగుతున్నాడు. మధ్యవర్తి తెచ్చిన నివేదికలో ఆ మిగతా మొత్తానికి సమాధానం ఉంది. రెండు డెయిరీలూ కలిస్తే ఏడాదికి కోటీ 20 లక్షలు కలిసొస్తుంది, నాలుగేళ్లది లెక్కేసినా 4 కోట్ల 80 లక్షలు అంటుంది. ప్యాకెట్ ఫిల్మ్ టోకున కొంటే 20 లక్షలు, పాల బండ్ల రూట్లు కలిపితే 30 లక్షలు, ఆఫీసు ఖర్చులో 10 లక్షలు, కొనేవాడి పెరుగును ఈ డెయిరీ ఏజెంట్ల ద్వారా అమ్మితే 60 లక్షలు అని వివరం కూడా ఇస్తుంది.

ఇలాంటి అంకెలను పరీక్షించడానికి గొప్ప సూత్రమేదీ అక్కర్లేదు. ఆదా అన్న ప్రతి పద్దునూ ఆ పద్దు మీద మొత్తం అయ్యే ఖర్చు పక్కన పెట్టి చూడాలి. ప్యాకెట్ ఫిల్మ్‌కి లీటరుకు రూపాయి పాతిక వేసుకుంటే, ఏడాదికి అమ్మే సుమారు 55 లక్షల లీటర్లకు మొత్తం ఖర్చే 68 లక్షలు. అందులో 20 లక్షలు మిగలాలంటే ఫిల్మ్ అమ్మేవాడు ధరను దాదాపు 30 శాతం తగ్గించాలి. ప్లాస్టిక్ ధరలో ఎక్కువ భాగం ముడిసరుకుదే కాబట్టి ఎంత పెద్ద కొనుగోలుదారుకైనా అంత తగ్గింపు రాదు. 10 శాతం తగ్గితే సంతోషించాలి, అంటే 7 లక్షలు. నివేదిక రాసినవాళ్లు ఈ ఒక్క భాగహారం చేసి ఉంటే ఆ అంకెను కాగితం మీద పెట్టేవారు కాదు.

రూట్ల సంగతి కాగితం మీద ఇంకా అందంగా ఉంటుంది. రెండు డెయిరీల బండ్లూ మూడు చోట్ల ఒకే రోడ్డు మీద తిరుగుతున్నాయి కాబట్టి మూడు బండ్లు మానేయొచ్చంటారు. ఒక్కో బండికి రోజుకు రెండున్నర వేల అద్దె చొప్పున 27 లక్షల పైచిలుకు వస్తుంది. కానీ పాలు ఆగవు. వేసవి పొద్దున ఊళ్లో పితికిన పాలు కూలర్‌కు చేరేలోపు గంట ఆలస్యమైతే పులుపెక్కడం మొదలవుతుంది, ప్లాంటు గేటు దగ్గర పరీక్షలో తిప్పి పంపుతారు. ఒక బండికి రెండింతల ఊళ్లు అప్పగిస్తే చివరి ఊరి పాలు వృథా. ప్రతి రూట్‌లో మొదటి డబ్బా ఎక్కిన సమయమూ, ప్లాంటుకు చేరిన సమయమూ రాసుకుని వస్తే మూడింటిలో రెండే కలపగలమని తేలవచ్చు. అప్పుడు ఆదా 18 లక్షలు. ఆఫీసు పది లక్షలను ఒప్పుకోవచ్చు, అయితే పాత గుమాస్తాను వెంటనే తీసేస్తే ఏ ఏజెంటు ఎంత బాకీ ఉన్నాడో చెప్పేవాడు ఉండడు, కాబట్టి అది రెండో ఏడాది నుంచే.

పెరుగు అమ్మకం మీద నాకు అసలు నమ్మకం లేదు. ఖర్చు తగ్గించడం కొనేవాడి చేతిలో ఉంటుంది, అమ్మకం పెంచడం కొనుక్కునే జనం చేతిలో ఉంటుంది. ఆ ఏజెంట్లలో సగం మంది వీధిలో కొనేవాడి పెరుగు ఇప్పటికే దొరుకుతుంటే కొత్తగా అమ్మేది పాత అమ్మకాన్నే తినేస్తుంది. మిగతా సగానికి ఫ్రిజ్‌లు ఇవ్వాలి, కమీషన్ పెంచాలి. 60 లక్షల్లో 15 లక్షలు నిలిస్తే ఎక్కువ.

ఇక్కడితో లెక్క అయిపోతుందనుకుంటారు, అసలైన పద్దు ఇంకా ఉంది. కలయిక వల్ల పోయేది. రైతు పాలు పోసేది యజమాని ముఖం చూసి, ఆయన పెళ్లికీ పండక్కీ ఇచ్చే అడ్వాన్సు చూసి. కంపెనీ చేతులు మారిన మర్నాడే విజయ, సంగం, హెరిటేజ్ వంటి డెయిరీల సేకరణ కేంద్రాలు ఆ రైతుకు కనిపిస్తాయి. సేకరణలో పదో వంతు, అంటే రోజుకు 1,200 లీటర్లు వెళ్లిపోతే, లీటరుకు ఐదు రూపాయల మిగులు చొప్పున ఏడాదికి 22 లక్షల నష్టం. వచ్చేది 50 లక్షలు, పోయేది 22 లక్షలు, నికరం 28 లక్షలు. అమ్మకందారు వేసిన నాలుగేళ్ల గుణకమే వేసి, సాఫ్ట్‌వేర్, కొత్త ప్యాకెట్ల ముద్రణ, కూలర్ల మరమ్మతు వంటి ఒకసారి ఖర్చు 40 లక్షలు, మొదటి ఏడాది రాని ఆఫీసు ఆదా 10 లక్షలు తీసేస్తే మిగిలేది 62 లక్షలు. ఆ లాభాన్ని సాధించే శ్రమా రిస్కూ కొనేవాడివే. అందులో మూడో వంతుకు మించి అమ్మేవాడికి ఇవ్వడానికి కారణం కనపడదు. అంటే 9 కోట్లు అడిగిన బేరం 4 కోట్ల 30 లక్షల దగ్గర ఆగాలి.

అదీ మొదటి కోటి లాభం నిజమైతేనే. చిన్న డెయిరీలో అమ్మకాలను జీఎస్టీ రిటర్నులతో సరిచూసుకోవడం మామూలు పద్ధతి. కానీ ప్యాకెట్ పాలకు జీఎస్టీ లేదు. అమ్మకం ఎక్కువ చూపినా పన్ను పడదు, కాబట్టి ఆ సాక్ష్యానికి బలం తక్కువ. రైతుల దగ్గర కొనుగోలు చాలాచోట్ల నగదే. ఇలాంటి చోట పాలలోని ఫ్యాటే సాక్షి. ప్లాంటులోకి వచ్చిన వెన్న ఎన్ని కిలోలో, బయటికి వెళ్లింది ఎన్ని కిలోలో నెలవారీగా లెక్కించాలి. నిల్వలు, కొన్న వెన్న ఉంటే వాటినీ కలుపుకోవాలి.

మన డెయిరీలో 12,000 లీటర్లు అంటే దాదాపు 12,360 కిలోలు, సగటు వెన్న 6 శాతం. లోపలికి వచ్చింది 742 కిలోలు. అమ్మింది 15,000 లీటర్ల స్టాండర్డ్ పాలు, నాలుగున్నర శాతం చొప్పున 695 కిలోలు. రోజుకు 100 కిలోల నెయ్యి అమ్మినట్టు పుస్తకంలో ఉంది. మొత్తం 795. ఏ ప్లాంటులోనైనా కొంత వెన్న పైపుల్లో, కడుగుడులో పోతుంది. ఇక్కడ పోకపోగా రోజుకు 53 కిలోలు పుట్టుకొచ్చాయి. బయట కొన్న వెన్న బిల్లు చూపిస్తే సరే. లేకపోతే మూడే దారులు: అమ్మకం పెంచి రాశారు, లేదా పుస్తకంలో లేని పాలు కొన్నారు, లేదా నెయ్యిలో నెయ్యి కానిది కలిపారు. మూడోదైతే కొన్నవాడి మీదికి ఆహార భద్రత కేసు వస్తుంది. మొదటిదైతే, కిలో వెన్నకు 600 రూపాయలు వేసుకున్నా ఏడాదికి కోటీ 16 లక్షలు. చూపిన అసలు లాభం కంటే ఎక్కువ. వెన్న లేని ఘనపదార్థాలకూ ఇదే లెక్క వేయాలి. 12,000 లీటర్ల నుంచి 15,000 లీటర్లు రావాలంటే రోజుకు దాదాపు 200 కిలోల పాలపొడి కలవాలి. పొడి మీద జీఎస్టీ ఉంది, ఆ బిల్లులు కచ్చితంగా దొరకాలి.

రైతుల పాల బిల్లుల తేదీలు కూడా చూడాలి. పది రోజులకోసారి ఇచ్చే డబ్బు అమ్మకానికి ముందు నెలల్లో పాతిక రోజులకు జరిగితే బ్యాంకులో నిల్వ నిండుగా కనిపిస్తుంది. అది లాభం కాదు, రైతుల బాకీ. బ్యాంకు నిల్వను అమ్మేవాడిచ్చిన స్టేట్‌మెంటుతో కాక నేరుగా బ్యాంకు నుంచే ధ్రువీకరించుకోవాలని చెప్పడానికి మనకంటే అర్హులెవరూ లేరు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు తన లేఖలో ఒప్పుకున్న లేని నగదు 5,040 కోట్లు. అంతకు మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 16న, మేటాస్ కంపెనీలను కొనాలని సత్యం బోర్డు తీర్మానించి, మదుపర్లు తిరగబడితే వెనక్కి తీసుకుంది. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టే చివరి ప్రయత్నం అదేనని ఆ లేఖే చెప్పింది.

భూమి పేరు చెప్పి ధర పెంచడం గన్నవరంలో మరీ తేలిక. 2014లో రాజధాని ప్రకటన వచ్చాక విమానాశ్రయం చుట్టుపక్కల ఎకరం ధర ఎవరూ ఊహించని చోటికి వెళ్లింది. ‘ప్లాంటు స్థలమే ఆరు కోట్లు, వ్యాపారం అదనం’ అంటాడు యజమాని. ఆ స్థలంలో ప్లాంటు నడుస్తున్నంతకాలం స్థలాన్ని అమ్మలేరు, అమ్మితే ప్లాంటు ఉండదు. రెండు విలువలనూ కలపకూడదు, ఏది ఎక్కువో అది ఒక్కటే. స్థలం తండ్రి పేరున ఉంటే కంపెనీ వాటాలు కొన్నవాడికి స్థలం రాదు. ఈసీ, అడంగల్‌తో పాటు అది 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ దగ్గర చూడాలి. విమానాశ్రయం దగ్గర కొత్త పొగగొట్టం లేపాలన్నా ఎత్తుకు అనుమతి కావాలి. విస్తరణ లెక్కలు వేసేవాళ్లు ఆ ఖర్చును మరచిపోతారు.

ఇవన్నీ చూసినా శీతాకాలంలో చూస్తే సగమే చూసినట్టు. డిసెంబరులో గేదెలు నిండుగా ఇస్తాయి, మే నెలలో సేకరణ పడిపోతుంది. ఆ నెలల్లో రైతులు ఎటు పోస్తారో ముందుగా ఏ కాగితమూ చెప్పదు. అందుకే ధరలో నాలుగో వంతును ఎస్క్రో ఖాతాలో ఉంచి, రోజువారీ సేకరణ, ఫ్యాట్ లెక్క, పాత బాకీలు మూడూ ఒక వేసవి దాటి సరిపోయాకే విడుదల చేస్తామని ఒప్పందంలో రాసుకోవాలి. పుస్తకాలు నిజమైన యజమాని ఆ షరతుకు సాధారణంగా ఒప్పుకుంటాడు. వడ్డీ అడుగుతాడు, ఇవ్వవచ్చు.