కలలో కూర్చున్న ఇంటర్వ్యూ బోర్డు

"అక్కా, లిస్టు పెట్టేశారు. అందరి పేర్లూ ఉన్నాయి, నాది లేదు. చెమటలు పట్టి లేచి కూర్చున్నా." ఇలాంటి మెసేజ్‌లు నాకు తరచూ వస్తాయి. లిస్టు ఇంకా రానే లేదు. వాళ్లు దాన్ని కలలో చూశారు. అప్పటికే హాస్టల్లో ఎవరో ఒకరు సలహా ఇచ్చేసి ఉంటారు: నీకు ఆత్మవిశ్వాసం తక్కువ, పొద్దున్నే ధ్యానం చెయ్యి అని. ఆ సలహాతోనే నా పేచీ.

మన పిల్లలు నాతో చెప్పుకునే కలలు రెండు రకాలు. మొదటి రకంలో బస్సు తప్పిపోతుంది, హాల్‌టికెట్ ఇంట్లో ఉండిపోతుంది, పెన్ను పట్టుకోగానే చదివిందంతా ఎగిరిపోతుంది. రెండో రకంలో పరీక్ష ఎప్పుడో అయిపోయింది. బల్లకి అవతల నలుగురు కూర్చుని కాగితాలు తిరగేస్తుంటారు. వాళ్ల పెదాలు కదులుతాయి, మాట వినపడదు. లేదంటే నోటీసు బోర్డు మీద మన పేరుండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది. మొదటి కలలో తప్పు నాది. రెండో కలలో నేను చెయ్యడానికి ఏమీ మిగల్లేదు, తీర్పు మాత్రమే ఉంది.

మొదటి కల గురించి భయపడక్కర్లేదు. పారిస్‌లో మెడిసిన్ పోటీ పరీక్ష రాసిన విద్యార్థులను ఇజబెల్ ఆర్నుల్ఫ్ బృందం కలల గురించి అడిగి, 2014లో ఆ వివరాలు ప్రచురించింది. జవాబిచ్చిన 719 మందిలో 60 శాతం మందికి ముందురోజు రాత్రి పరీక్షే కలలోకి వచ్చింది. ఆ కలల్లో 78 శాతం చెడ్డవే: ఆలస్యమవడం, జవాబులు మర్చిపోవడం. అయినా కల వచ్చినవాళ్లకే సగటున కాస్త మెరుగైన మార్కులొచ్చాయి. కల వల్లే మార్కులొచ్చాయని కాదు. బాగా చదివే బుర్ర నిద్రలో కూడా రిహార్సల్ వేసుకుంటోందని అనుకోవచ్చు.

రెండో కలకి రిహార్సల్ లేదు. అవతలివాళ్ల మనసులో ఏముందో దానికి మనమెలా ప్రిపేర్ అవుతాం? ఆ భయం ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో జరిగిన ఒక ప్రయోగం చూడాలి.

కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేశారు దాన్ని. 2004లో ప్రపంచ బ్యాంకు పత్రంగా వచ్చింది. బడిలో చదివే మగపిల్లలు, పైకులాల నుంచి 321 మంది, దళిత కులాల నుంచి 321 మంది. పిల్లల పత్రికల్లో 'దారి కనుక్కోండి' అని గీతల చిక్కుముడి ఇస్తారు చూడండి, అలాంటివి ఇచ్చి, దారి కనుక్కున్న లెక్కను బట్టి డబ్బులిస్తామన్నారు. ఎవరిది ఏ కులమో బయటపెట్టనప్పుడు రెండు వర్గాల పిల్లలూ సమానంగా చేశారు. ఇంకో చోట ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివారు. అంతే. దళిత పిల్లల లెక్క పడిపోయింది. అదే వయసు, అదే చిక్కుముడి. మధ్యలో వచ్చింది ఒక్క పరిచయం.

చాలామంది ఇక్కడితో ఆపేసి 'చూశారా, వాళ్లలో న్యూనత' అంటారు. ప్రయోగం ఇంకో అడుగు వేసింది. ఈసారి కూడా కులం చదివారు, కానీ డబ్బు ఎవరికి దక్కాలో చీటీ తీసి తేలుస్తామన్నారు. అప్పుడు ఆ తేడా మాయమైంది. న్యూనతే కారణమైతే చీటీ తీసినంత మాత్రాన పోతుందా? మనుషులు తమని పక్షపాతంతో తూచుతారని ఆ పిల్లలు ముందే ఊహించారన్నది పరిశోధకుల నిర్ధారణ. చీటీకి కులం తెలియదు కదా.

ఆ ప్రయోగం కలల మీద చేసింది కాదు, అందులో ఆడపిల్లలు లేరు. అయినా రెండో కల గురించి నా వాదన దాని మీదే నిలబెడతాను. ఆ కల మన బలహీనత కాదు, మన అంచనా. ఇంట్లో, వాడలో, బడిలో చూసినవన్నీ కూడి వేసిన అంచనా. అది ప్రతిసారీ నిజం కాకపోవచ్చు. కానీ అది దేన్ని చూసి పుట్టిందో ఆ వస్తువు బయట ఉంది. దాన్ని వదిలేసి కల కన్నవాళ్లకి వైద్యం చేస్తామంటే ఎలా?

బయట ఉన్న ఆ వస్తువు ఎలా ఉంటుందో నా రంగంలోంచే చెబుతాను. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ, నెట్, వ్యాసాలు, బోధనానుభవం అన్నిటికీ కలిపి వందకి మార్కులేస్తారు. పీహెచ్‌డీకే 30. కానీ ఆ వందా ఇంటర్వ్యూకి పిలవడం వరకే. ఎంపిక మాత్రం ఇంటర్వ్యూలో చూపిన ప్రతిభ ఆధారంగానే జరగాలని నిబంధనలోనే ఉంది. అంటే పదేళ్ల చదువు గది గుమ్మం దగ్గర ఆగిపోతుంది. లోపల కొద్ది నిమిషాల్లో తేలుతుంది మన బతుకు.

తెలుగు సాహిత్యం ఇంటర్వ్యూల్లో నాకు తరచూ ఎదురైన మొదటి ప్రశ్న సాహిత్యం మీద కాదు. "ఏ ఊరమ్మా? ఇంటిపేరేంటి? నాన్నగారేం చేస్తారు?" చాలా మర్యాదగా, నవ్వుతూ. ఆ పల్లెల్లో ఆటకి ముందు చదివిన పరిచయం ఇదే. తర్వాత అడిగిన ఛందస్సు ప్రశ్నకి నా గొంతు ఎందుకు సన్నబడిందో ఆ ప్రయోగం చదివాకే నాకు తెలిసింది.

ఒక ఇంటర్వ్యూ తర్వాత రిజర్వుడు పోస్టుకి 'నాట్ ఫౌండ్ సూటబుల్' అని రాశారు. తగినవారు దొరకలేదట. అర్హత ఉందని వాళ్లే పిలిచారు, వాళ్లే తగరన్నారు. సమాచార హక్కు చట్టం కింద అడిగాను: నా ఇంటర్వ్యూ మార్కులెన్ని, ఏయే అంశాలకి ఎన్ని, కనీస మార్కు ఎంత అని. వచ్చిన జవాబులో అంశాలూ లేవు, మార్కులూ లేవు. ఆ మూడు మాటలే ఉన్నాయి. ఆ కాగితం నాకు ఉద్యోగం ఇవ్వలేదు, కలలు ఆపలేదు. కానీ 'నాలో ఏం తక్కువ' అన్న ప్రశ్న పోయి, 'వీళ్లు దేనితో కొలిచారు' అన్న ప్రశ్న వచ్చింది. ఆ రెండో ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నేను కాదు.

అందుకే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెప్పేదొకటే. మొదటి రకం కలొస్తే పుస్తకం తియ్యండి. రెండోది ఇంటర్వ్యూ తర్వాత వస్తుంటే నోటుబుక్కు తియ్యండి. ఎన్ని గంటలకి లోపలికి పిలిచారు, ఎంతసేపు ఉంచారు, ఏమడిగారు, మీ కులం తెలిసేలా అడిగిన ప్రశ్న ఏది, అన్నీ ఆ రోజే రాసుకోండి. నెల తర్వాత కలకీ జ్ఞాపకానికీ తేడా తెలియకుండా పోతుంది. కేంద్ర సంస్థ అయితే పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. బోర్డు సభ్యుల పేర్లు ఇవ్వకపోవచ్చు. మీ మార్కులు మీరు అడగండి.

తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1కి ఇంటర్వ్యూ తీసేసింది. రాతపరీక్షలో పక్షపాతమే ఉండదని నేననను, కానీ జవాబుపత్రం ఉంటుంది, దాన్ని చూపించమని అడగొచ్చు. యూనివర్సిటీ ఉద్యోగాల్లో ఇంటర్వ్యూ ఉండి తీరాలంటే, ఏ అంశానికి ఎన్ని మార్కులో ముందే ప్రకటించాలి, గదిలోంచి అభ్యర్థి బయటికి రాగానే వేసి సంతకం పెట్టాలి, తగరంటే ఎందుకు తగరో రాయాలి. మన సంఘాలు అడగాల్సింది ఇది.

ఇక బోర్డుల్లో కూర్చునే అధ్యాపక మిత్రులకి ఒక మాట. ఇంటిపేరుతో మొదలుపెట్టకండి. పుస్తకంతో మొదలుపెట్టండి.

జై భీమ్.