ఇరవై ఎనిమిది రోజుల నిల్వే ప్రాణం
- విదేశీ చదువుకు ఆస్తి ఉంటే చాలదు.. ఖాతాలో సొమ్ము నిలవాలి
- బాబాయి హామీ అమెరికాకు చెల్లినా బ్రిటన్‌కు చెల్లదు

పెడన: రొయ్యల చెరువు పట్టుబడి రాగానే ఖాతా నిండుతుంది. మేత డీలరుకు, కౌలుకు, కూలీలకు చెల్లించేసరికి ఖాళీ అవుతుంది. పెడన, బందరు, గుడివాడ ప్రాంతాల్లో వరి రైతుదైనా, చేనేత, కలంకారీ వ్యాపారిదైనా డబ్బు నడక ఇంతే. మిగిలినది భూమిగా, బంగారంగా, చీటీగా మారుతుందే తప్ప బ్యాంకులో కదలకుండా ఉండదు. పిల్లలను బ్రిటన్‌ చదువుకు పంపాలనుకునే కుటుంబాలకు చిక్కు వచ్చిపడుతున్నది ఇక్కడే. అక్కడి వీసా అధికారి ఆస్తి ఎంత అని అడగడు. ఖాతాలో వరుసగా 28 రోజులు ఎంత తగ్గకుండా ఉందన్నదే చూస్తాడు.

ఎంత చూపాలి?

చూపవలసిన సొమ్ములో రెండు భాగాలున్నాయి. మొదటిది తొలి ఏడాది ఫీజులో ఇంకా చెల్లించని మొత్తం. విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ ధ్రువీకరణలో, అంటే విద్యార్థులు 'క్యాస్‌' అని పిలిచే పత్రంలో, ఇది నమోదై ఉంటుంది. రెండోది జీవన వ్యయం. 2025 నవంబరు 11 నుంచి అమలైన లెక్క ప్రకారం లండన్‌లో చదివితే నెలకు 1,529 పౌండ్లు, లండన్‌ వెలుపల అయితే 1,171 పౌండ్లు చూపాలి. గరిష్ఠంగా 9 నెలలకు చూపితే చాలు. ఈ మొత్తాలను పెంచుతుంటారు కనుక దరఖాస్తు నాటి లెక్కను బ్రిటన్‌ ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూసుకోవాలి.

ఉదాహరణకు పెడన మండలంలోని ఓ రైతు కుమార్తెకు లండన్‌ వెలుపల ఏడాది పీజీ కోర్సులో సీటు వచ్చిందనుకుందాం. ఫీజులో ఇంకా 10,000 పౌండ్లు చెల్లించాలి. జీవన వ్యయం 10,539 పౌండ్లు. మొత్తం 20,539 పౌండ్లు. పౌండు 120 రూపాయలు అనుకుంటే 24.65 లక్షల రూపాయలు అవుతుంది.

ఒక్కరోజు తగ్గినా..

ఆ రైతు ఖాతాలో జూన్‌ 1న 25.10 లక్షలు ఉన్నాయి. 12న మేత డీలరుకు లక్షన్నర చెల్లించాడు. నిల్వ 23.60 లక్షలకు పడింది. మరునాడే ఆ లక్షన్నర తిరిగి జమ చేశాడు. జూన్‌ 28కి నెల దగ్గర పడిందన్న ధీమాతో దరఖాస్తు చేస్తే అది తిరస్కరణకు గురవుతుంది. సగటు నిల్వకు గానీ, చివరి రోజు నిల్వకు గానీ ఇక్కడ విలువ లేదు. 28 రోజుల్లో ఏ ఒక్కరోజూ కావలసిన మొత్తం కంటే తగ్గకూడదు.

తగ్గిన రోజు తరువాత లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఈ రైతు జూన్‌ 13 నుంచి లెక్కించుకోవాలి. అప్పుడు 28వ రోజు జులై 10 అవుతుంది. స్టేట్‌మెంటులో ఆ తేదీ వరకు లావాదేవీలు కనిపించాలి. మరో గడువు కూడా ఉంది. స్టేట్‌మెంటు చివరి తేదీ దరఖాస్తు తేదీకి 31 రోజులకు మించి పాతది కారాదు. అంటే జులై 10తో ముగిసిన స్టేట్‌మెంటుతో ఆగస్టు 10 లోపు దరఖాస్తు చేసుకోవాలి.

మారకపు విలువ మరో ఉచ్చు. రూపాయల నిల్వను దరఖాస్తు నాటి రేటు ప్రకారం పౌండ్లలోకి మారుస్తారు. పౌండు 123 రూపాయలకు చేరితే కావలసినది 25.26 లక్షలు. ఆ రైతు 25.10 లక్షలను చెక్కుచెదరకుండా ఉంచినా చాలదు. కనుక అవసరానికి మించి లక్షన్నర, రెండు లక్షలు అదనంగా ఉంచుకోవడం మేలు.

ఎవరి ఖాతా?

సొమ్ము విద్యార్థి పేర గానీ, తల్లిదండ్రుల పేర గానీ, చట్టబద్ధ సంరక్షకుల పేర గానీ ఉండాలి. అన్న, బాబాయి, మేనమామ, తాతయ్య ఖాతాలు లెక్కలోకి రావు. మేనమామ సాయం చేయదలిస్తే ఆ సొమ్మును ముందే విద్యార్థికి గానీ, తల్లిదండ్రులకు గానీ తమదిగా బదిలీ చేయాలి. అది జమ అయిన నాటి నుంచే 28 రోజులు మొదలవుతాయి.

తల్లిదండ్రుల సొమ్ము చూపితే రెండు పత్రాలు జతచేయాలి. మొదటిది వారు సంతకం చేసిన సమ్మతి లేఖ. విద్యార్థితో తమ బంధుత్వాన్ని, ఆ డబ్బును బ్రిటన్‌లో చదువుకు వాడుకొనేందుకు తమ అంగీకారాన్ని అందులో స్పష్టంగా రాయాలి. రెండోది తల్లిదండ్రుల పేర్లున్న జనన ధ్రువపత్రం. పదో తరగతి మార్కుల జాబితాలో తండ్రి పేరుంది కదా అని దానితో సరిపెట్టుకోకూడదు. జనన పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరాలతో, బ్యాంకులో పూర్తిగా ఉంటే సీటు రాకముందే సరిచేయించుకోవాలి. పుట్టుక అసలు నమోదే కానివారికి ఆలస్య నమోదుకు అధికారుల ఉత్తర్వు కావాలి. అది వారంలో తేలే పని కాదు.

ఏది చెల్లుతుంది?

వెంటనే తీసుకొనేందుకు వీలున్న నగదు నిల్వే చెల్లుతుంది. గడువుకు ముందే రద్దు చేసుకొనే వీలున్న ఫిక్సెడ్‌ డిపాజిట్‌ను అంగీకరిస్తారు. పాడని చీటీ, షేర్లు, ఓవర్‌డ్రాఫ్టు, పొలం విలువ పత్రం, ఆడిటరు ఇచ్చే ఆస్తుల నివేదిక పనికిరావు. బ్యాంకు నియంత్రణ సంస్థ పరిధిలో ఉండాలి. రికార్డులు కంప్యూటరీకరించి, అడిగితే ధ్రువీకరించగలిగేలా ఉండాలి. చిన్న సంఘాల్లో దాచుకున్నవారు సొమ్మును ముందే వాణిజ్య బ్యాంకుకు మార్చుకోవడం క్షేమం.

చేతిలో నగదు లేనివారికి విద్యారుణం మెరుగైన దారి. నియంత్రణలోని బ్యాంకు విద్యార్థి పేరనే మంజూరు చేసిన విద్యారుణానికి 28 రోజుల నియమం వర్తించదు. మంజూరు లేఖ దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లోపు తేదీతో ఉంటే సరిపోతుంది. తండ్రి పేర తీసుకున్న వ్యక్తిగత రుణం ఇందుకు సాటిరాదు.

సర్దుబాటు సొమ్ముతో చేటు

నెల రోజులకు వడ్డీపై ఖాతాలో సొమ్ము వేసి, గడువు తీరగానే వెనక్కి తీసుకొనే దళారులూ ఉన్నారు. స్టేట్‌మెంటు చూస్తేనే ఈ వ్యవహారం పసిగట్టవచ్చు. ఏళ్ల తరబడి వేలల్లో నడిచిన ఖాతాలో ఒకేరోజు పాతిక లక్షలు పడతాయి. ఆపై 28 రోజులు ఒక్క కదలికా ఉండదు. ఇది ఎక్కడిదని ఇంటర్వ్యూలో అడిగితే విద్యార్థి తడబడక తప్పదు. పత్రం నకిలీదని, మోసం జరిగిందని తేలితే తిరస్కరణతో ఆగదు, పదేళ్ల వరకు ప్రవేశ నిషేధం పడవచ్చు. వీసా వచ్చినా చిక్కు తీరదు. సొమ్ము వెనక్కి వెళ్లాక మిగతా ఫీజు కట్టేందుకు, ఇంటి అద్దెకు ఏమీ మిగలదు.

అమెరికా తీరు వేరు

అమెరికా ఎఫ్‌-1 వీసాకు 28 రోజుల నియమం లేదు. విశ్వవిద్యాలయం పంపే ఐ-20లో ఉన్న తొలి ఏడాది ఖర్చుకు సొమ్ము సిద్ధంగా ఉందని చూపాలి. అక్కడ బాబాయి కూడా హామీదారుగా ప్రమాణపత్రం ఇవ్వవచ్చు. అయితే ఆయన ఆదాయం, ఆదాయ పన్ను పత్రాలు, విద్యార్థిని చదివించడానికి కారణం అధికారికి నమ్మకం కలిగించాలి. చెరువు ఆదాయమైతే అమ్మకపు రసీదులు ఖాతా జమలతో సరిపోలాలి. అబద్ధం చెప్పినట్లు తేలితే అమెరికా వీసాకు శాశ్వత అనర్హత దాపురించవచ్చు.

సెప్టెంబరులో కోర్సు మొదలయ్యే విద్యార్థికి వేసవి పట్టుబడి డబ్బే ఆధారమైతే ఒక పని తప్పనిసరి. చదువు సొమ్మును వేరే ఖాతాలోకి మార్చి, మేత, కౌలు చెల్లింపులను మరో ఖాతా నుంచి జరపాలి. రెండూ ఒకే ఖాతాలో ఉన్నంతకాలం డీలరుకిచ్చే ఒక్క చెక్కు ఏడాది చదువును వాయిదా వేయించగలదు.