మధ్యాహ్నం రెండింటి పరీక్షకు అర్ధరాత్రి రెండింటి చదువా?

ప్లస్ టూ పరీక్షలు మార్చి నెలాఖరుకు అయిపోతాయి. మర్నాటి నుంచే నీట్ రాసే పిల్లలున్న ఇళ్ళల్లో అసలు పరుగు మొదలవుతుంది. మనం నలుగురం కలిసినప్పుడు "మావాడు రాత్రి రెండింటిదాకా చదువుతున్నాడండీ" అని ఒకరంటే, "మా అమ్మాయి మూడింటికి గానీ లైటు ఆర్పదు" అంటారు మరొకరు. ఆ మాటలో కాస్త దిగులు, కాస్త గర్వం. ఆ గర్వం పిల్లల మార్కులు తినేస్తోందని మా అభిప్రాయం.

నీట్ జరిగేది మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు. 2025లో మే 4న అలాగే జరిగింది. 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. అంటే తెలిసిన ప్రశ్నలో పరాకుగా తప్పు గుర్తిస్తే అయిదు మార్కులు పోయినట్టే.

ఇప్పుడు రెండింటిదాకా చదివే పిల్లవాడి రోజు లెక్క చూద్దాం. పొద్దున ఏడింటి కోచింగ్ కోసం ఆరింటికి లేస్తాడు. రాత్రి నిద్ర నాలుగు గంటలు. అన్నం తిన్నాక ఆగలేక రెండు నుంచి నాలుగు వరకు పడుకుంటాడు. మొత్తం ఆరు గంటలు. రాత్రి పదింటికి పడుకుని ఆరింటికి లేచేవాడితో పోలిస్తే ఇతనికి మిగిలింది రెండు గంటలే. దానికోసం సరిగ్గా పరీక్ష జరిగే వేళకు నిద్రపోవడం ఒంటికి అలవాటు చేసుకున్నాడు.

ఆరు గంటల నిద్ర చాలదా అంటారు. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలని అమెరికా నిద్రవైద్యుల సంఘం 2016లో చెప్పింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవారు 2003లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళను రెండు వారాలపాటు రోజుకు ఆరు గంటలే పడుకోనిచ్చారు. చివరికి వాళ్ళ ఏకాగ్రత ఒక రాత్రంతా నిద్రలేనివాళ్ళ స్థాయికి పడిపోయింది. అసలు ప్రమాదమేమిటంటే, తాము అంతగా దెబ్బతిన్నామని వాళ్ళకే తెలియలేదు. అందుకే "నాకేం నిద్ర రావట్లేదు, బాగానే ఉన్నాను" అనే పిల్లల మాటను కొలబద్దగా తీసుకోలేం.

కాబట్టి రోజులో ముందు నిద్రకు ఎనిమిది గంటలు తీసి పక్కన పెట్టాలి. స్నానం, భోజనాలు, ఇంట్లోవాళ్ళతో మాటలకు మూడు గంటలు. నడకకు అరగంట, మధ్యమధ్య విరామాలకు గంటన్నర. ఇంకా పదకొండు గంటలు చదువుకే ఉన్నాయి. అంతకంటే ఎక్కువ ఏ పిల్లవాడు నిజంగా చదవగలడు?

ఇప్పటికే రెండింటికి పడుకునేవాళ్ళను ఒక్కరోజులో పదింటికి పడుకోమంటే నిద్ర పట్టదు. లేచే వేళను మాత్రం ఆదివారాలతో సహా ఆరింటికి ఖాయం చేసి, పడుకునే వేళను రెండు రోజులకోసారి అరగంట ముందుకు జరపాలి. పదహారు రోజుల్లో పదింటికి వస్తారు. ఏప్రిల్ మొదట్లో మొదలుపెడితే ఇంకా రెండు వారాలు చేతిలో ఉంటాయి. సాయంత్రం తర్వాత ఫిల్టర్ కాఫీ వద్దు. ఏడింటికి తాగిన గ్లాసులోని కెఫీన్ సగానికి సగం అర్ధరాత్రికీ ఒంట్లోనే ఉంటుంది.

పొద్దున, సాయంత్రం యాభై నిమిషాలు చదివి పది నిమిషాలు లేవడం మంచిదే. ఆ పది నిమిషాలూ ఫోన్ చూస్తే అది విరామం కాదు. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు మాత్రం చివరి రెండు వారాలూ లేవకుండా మాక్ టెస్ట్ రాయాలి. పరీక్ష హాలు గేటు ఒకటిన్నరకే మూసేస్తారు కనుక ఆ రోజుల్లో భోజనం తర్వాత కునుకు కూడా మానాలి.

నడక ఆరింటికి లేవగానే అయితే వెలుతురు తగిలి నిద్ర వేళ కుదురుకుంటుంది. అన్నానగర్ టవర్ పార్కయినా బెసెంట్ నగర్ బీచయినా మన డాబా అయినా సరే. ఎండ ముదిరాక వద్దు. మే మొదట్లోనే అగ్ని నక్షత్రం వచ్చేస్తుంది.

ఇదంతా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక నోటు పుస్తకం చాలు. ఒక గడిలో రాత్రి ఎన్ని గంటలు పడుకున్నదీ, పక్క గడిలో ఆనాటి మాక్ టెస్ట్‌లో తెలిసీ తప్పు చేసినవి ఎన్నో రాయండి. రెండు వారాల్లో పిల్లలే చూసుకుంటారు. ఎనిమిది గంటలు పడుకుంటున్నా పగలంతా మగతగా ఉన్నా, వారాల తరబడి పక్కమీద నిద్రపట్టక దొర్లుతున్నా అది టైమ్‌టేబుల్ సమస్య కాదు, డాక్టరుకు చూపించాలి.

పరీక్ష ముందు రాత్రి నిద్ర పట్టకపోతే కంగారు వద్దు. ఎంఐటీ విద్యార్థుల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో మార్కులతో సంబంధం కనిపించింది అంతకు ముందు వారాలూ నెలా పడుకున్న నిద్రకే గానీ, ఆ ఒక్క రాత్రి నిద్రకు కాదు.

ఈసారి కలిసినప్పుడు "మీవాడు ఎన్నింటిదాకా చదువుతున్నాడు?" అని కాక, "ఎన్నింటికి పడుకుంటున్నాడు?" అని అడుగుదాం.