నరాల మాత్రలో ఆరోవంతు మందు

మధుమేహ రోగి అరికాళ్ళు మండుతున్నాయని చెప్పగానే మన దగ్గర తరచుగా రాసే మందు ఒక మిశ్రమ క్యాప్సూల్. అందులో మిథైల్ కోబాలమిన్, ఫోలిక్ ఆమ్లం, పిరిడాక్సిన్‌తో పాటు సాధారణంగా 100 మిల్లీగ్రాముల ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం ఉంటుంది. "నరాలకు బలం" అన్న మాటతో దానిని ఏళ్ళ తరబడి మింగిస్తారు. ఈ అలవాటుపై నాకు రెండు అభ్యంతరాలున్నాయి. చెప్పే కారణం సగమే నిజం. ఇచ్చే మోతాదు పరీక్షలకు నిలిచిన మోతాదు కాదు.

లిపోయిక్ ఆమ్లం మన శరీరానికి పరాయిది కాదు. 1951లో లెస్టర్ రీడ్ బృందం పశువుల కాలేయం నుండి దీనిని వేరుచేసింది. చక్కెర కణంలో పైరువేట్‌గా మారి మైటోకాండ్రియాలోకి చేరినప్పుడు, దానిని ఎసిటైల్ కోఎంజైమ్-ఎ గా మార్చే ఎంజైముల సముదాయానికి ఈ ఆమ్లం చేయివంటిది. ఒకచోట అందుకున్న రెండు కార్బన్ల ముక్కను మరొకచోటికి చేరవేస్తుంది. అయితే ఆ చేయి ఎంజైముకు గట్టిగా అతుక్కొని ఉంటుంది. దానిని కణం తన మైటోకాండ్రియాలో ఎంజైము మీదనే నిర్మించుకుంటుంది. ఆ నిర్మాణం జన్యులోపం వలన దెబ్బతిన్న పిల్లలకు లిపోయిక్ ఆమ్లం తాగించినా లోపం తీరడం లేదు. కనుక మాత్ర మింగితే "శక్తి పెరుగుతుంది" అనడం ఎంజైము చేసే పనిని మాత్రకు అంటగట్టడమే.

మాత్రగా మింగిన ఆమ్లానికి ఆశించదగిన పని వేరు. అధిక చక్కెర వలన మైటోకాండ్రియాలో స్వేచ్ఛా రాశులు, అంటే ఫ్రీ రాడికల్స్, ఎక్కువగా పుడతాయి. అవి నరాలను, నరాలకు రక్తమిచ్చే సన్నని నాళాలను దెబ్బతీస్తాయి. శరీరంలో అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలకు పోయేవి కనుక మంట, తిమ్మిరి అక్కడే మొదలవుతాయి. లిపోయిక్ ఆమ్లంలోని రెండు గంధకపు పరమాణువులు హైడ్రోజన్‌ను గ్రహించి, అది డైహైడ్రోలిపోయిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ జంట స్వేచ్ఛా రాశులను అణచడమే కాక, వాడుకైపోయిన విటమిన్ సి, గ్లూటాథయోన్‌లను తిరిగి పనిలోకి తెస్తుంది. ఈ తర్కం సరైనదే. కాని తర్కం చికిత్స కాదు. దానిని రోగుల మీద పరీక్షించాలి.

పరీక్షలు జరిగాయి. 1995లో ప్రచురితమైన అలాడిన్ అనే జర్మన్ పరిశీలనలో మూడు వారాలపాటు రోజుకు 600 మిల్లీగ్రాములు సిరలోకి ఎక్కించగా మంట, నొప్పి తగ్గాయి. 2006 నాటి సిడ్నీ-2 పరిశీలనలో ఐదు వారాలపాటు మాత్రలుగా ఇచ్చినప్పుడు 600 మిల్లీగ్రాములు పనిచేశాయి. 1800కు పెంచితే వికారం పెరిగిందే గాని మేలు పెరగలేదు. 2011లో వెలువడిన నాలుగేళ్ళ నాథన్-1 పరిశీలన తన ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. 2024లో కాక్రేన్ సమీక్ష, ఆరు నెలల వద్ద లక్షణాల మీద దీని ప్రభావం స్వల్పమో, శూన్యమో కావచ్చునని తేల్చింది. అంటే కొన్ని వారాల ఉపశమనానికి కొంత ఆధారముంది. ఏళ్ళ తరబడి వాడడానికి లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పన్నెండేళ్ళుగా మధుమేహమున్న, మెట్‌ఫార్మిన్ వాడే వ్యక్తి రోజుకొక క్యాప్సూల్ భోజనం తరువాత వేసుకుంటున్నాడు. అతనికి అందేది 100 మిల్లీగ్రాములు, అంటే పరీక్షించిన మోతాదులో ఆరోవంతు. అందులో రక్తంలోకి చేరేది సుమారు మూడోవంతు మాత్రమే. ఆహారంతో కలిస్తే ఇంకా తగ్గుతుంది. చేరినది కూడా అరగంటలో సగానికి పడిపోతుంది. అయినా అతనికి హాయిగా ఉంటే ఆ ఘనత ఎవరిది? మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలంలో విటమిన్ బి12ను తగ్గిస్తుంది. ఆ లోపమూ పాదాలలో తిమ్మిరినే కలిగిస్తుంది. మేలు చేసినది అదే క్యాప్సూల్‌లోని మిథైల్ కోబాలమిన్ కావచ్చు. ముందుగా బి12 పరీక్ష చేయకుండా మిశ్రమం రాస్తే ఈ సంగతి ఎన్నటికీ తేలదు.

అంతకంటె ప్రమాదకరమైన పొరపాటు మరొకటుంది. మంట తగ్గడానికి నరం కోలుకోవడం ఒక్కటే కారణం కాదు, నరం చచ్చిపోయినా మంట ఆగుతుంది. ఆ తేడా రోగికి తెలియదు. పది గ్రాముల మోనోఫిలమెంట్ పోగును అరికాలికి వంగేవరకు ఆనించి, అతడు కళ్ళు మూసుకొని ఆ స్పర్శను గుర్తిస్తున్నాడా అని చూస్తే తెలుస్తుంది. గుర్తించలేనివాడి కాలిలో ముల్లు దిగినా నొప్పి ఉండదు. వాపు వచ్చాకే తెలుస్తుంది.

కాబట్టి వైద్యుడు లిపోయిక్ ఆమ్లం వాడదలిస్తే విడిగా, 600 మిల్లీగ్రాములు, పరగడుపున, కొన్ని వారాల గడువు పెట్టి వాడాలి. ఫలితం లేకుంటే ఆపాలి. అరుదుగా ఇది ఇన్సులిన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలను పుట్టించి చక్కెరను ఉన్నట్టుండి పడగొడుతుంది. చెమటలు, వణుకు వస్తే వెంటనే చక్కెర చూసుకోవాలి. నొప్పి నిద్రను చెడగొడుతుంటే డులోక్సెటిన్, ప్రీగాబలిన్ వంటి మందులున్నాయి. చక్కెర అదుపుకు, పాదాల పరీక్షకు మాత్రం ఏ క్యాప్సూలూ ప్రత్యామ్నాయం కాదు. మీ చెప్పులు విప్పించి పాదాలు చూడకుండానే "నరాల మాత్ర" రాసిన చీటీని ప్రశ్నించే హక్కు మీకుంది.