ఘనస్వాగతమా, వెచ్చని స్వాగతమా?

చాలా ఏళ్ల క్రితం ఒక సమీక్షా నివేదికను ఆంగ్లం నుండి తెలుగు చేసే పని నా మీద పడింది. కార్మికులు ఇచ్చిన సూచనలకు అధికారుల నుండి 'కోల్డ్ రెస్పాన్స్' వచ్చిందని అందులో ఒక వాక్యం ఉన్నది. నేను "చల్లని స్పందన లభించినది" అని వ్రాసి నోటీసు బోర్డుకు పంపాను. మరునాడు ఒక సీనియర్ ఫిట్టరు నవ్వుముఖంతో వచ్చాడు. "చల్లని మాట వ్రాశారు సార్. మా సూచనలు పైవారికి నచ్చాయన్నమాట" అన్నాడు. ఆయన సూచనను పక్కన పెట్టేశారని చెప్పవలసి వచ్చింది. ఆ ముఖం వాడిపోవడం నాకింకా గుర్తే.

నిఘంటువు ప్రకారం నేను తప్పు చేయలేదు. తప్పు మాట వెనుక దాగిన ఉపమానంలో ఉన్నది. విషయాన్ని 'గ్రహించడం' అంటే మూలార్థంలో చేతితో పట్టుకోవడం. ఆంగ్లేయుడూ అలాగే అంటాడు గనుక చిక్కు లేదు. 'అవగాహన' అంటే నీటిలో మునగడం. 'తెలివి'లో తెలుపు, వెలుగు ఉన్నాయి. అక్కడ వారి 'బ్రైట్' విద్యార్థి మనకు చుట్టమే.

వేడి దగ్గరకు వచ్చేసరికి దారులు చీలుతాయి. కోపం విషయంలో ఇరువురిదీ ఒకటే బాయిలరు. మనవాడు ఉడికిపోతాడు, మండిపడతాడు, కాసేపటికి చల్లబడతాడు. ఆప్యాయత అలా కాదు. మాటల్లోని ఇటువంటి ఉపమానాలపై 1980లో జాన్సన్‌తో కలిసి గ్రంథం వెలువరించిన లేకాఫ్, శైశవంలో తల్లి కౌగిలిలోని వెచ్చదనమే ప్రేమకు గుర్తుగా నిలిచిందంటారు. మన తల్లులూ బిడ్డలను హత్తుకున్నవారే. అయినా దీవించేటప్పుడు "చల్లగా ఉండు నాయనా" అంటారు. మనకు మనసు చల్లనిది, చూపు చల్లనిది, అసూయ మాత్రం కడుపుమంట. ఎండలే కారణమనడం తేలిక. కాని ఆ ఎండల్లోనే 'వెచ్చని ఒడి' అనీ అంటున్నాము. కనుక శరీరానుభవం ఉపమానాలను అందిస్తుంది, వాటిలో దేనికి పెద్దపీట వేయాలో వాడుక నిర్ణయిస్తుంది అని నా ఊహ.

మరి 'వార్మ్ వెల్‌కమ్'ను ఏమనాలి? మనం 'ఘనస్వాగతం' అంటాము. ఘనమంటే దట్టమైనది, గట్టిది. వారు స్వాగతాన్ని థర్మామీటరుతో కొలిస్తే మనం సాంద్రతతో కొలుస్తున్నామన్నమాట! అనువాదకుడు మాటకు మాట పెట్టి ఊరుకోక, ఆ వాక్యాన్ని ఆంగ్లం రాని వారొకరికి వినిపించి, మెచ్చుకోలుగా తోచిందా, నిందగా తోచిందా అని అడగాలి. నేనా పని చేయలేదు.

సవరణ ప్రతిలో "స్పందన కరువైనది" అని వ్రాశాను. ఫిట్టరు చదివి ఈసారి సరిగానే అర్థం చేసుకున్నాడు. "కరువన్నారు, బాగుంది సార్. దీనికి కరువు భత్యం ఏమైనా ఇప్పిస్తారా?" అన్నాడు.